డేట్‌కి వారం ముందు గాభరా: రెండు నెలల చార్ట్ పెట్టాను, లెక్క సరిగ్గా ఉందో లేదో చూసి చెప్పండి

వెన్నెల_ఖమ్మం

అందరికీ నమస్తే. వయసు 31, బ్యాంకులో పని. డేట్ దగ్గర పడుతుంటే గుండె దడ, రాత్రిపూట తలుపు గడియ నాలుగైదు సార్లు చూసుకోవడం, ఫోన్ మోగితే ఏదో చెడు వార్తేమో అని ఒళ్ళు చల్లబడటం ఉంటాయి. డాక్టర్ దగ్గరికి వెళ్ళేముందు రోజూ రాసుకోమని ఇక్కడే పాత చర్చలో ఎవరో చెప్పారు. పడుకునే ముందు ఆందోళనకి 1 నుంచి 6 వరకు మార్కు వేశాను. 1 అంటే అసలు లేదు, 4 అంటే బాగానే ఇబ్బంది, 6 అంటే భరించలేనంత.

జూన్ 3న బ్లీడింగ్ మొదలు.
జూన్ 6 నుంచి 12: 2, 1, 2, 1, 1, 2, 1
జూన్ 25 నుంచి జూలై 1: 3, 4, 4, 5, 5, 5, 4
జూలై 2న మళ్ళీ మొదలు.
జూలై 5 నుంచి 11: 3, 2, 2, 1, 1, 1, 1
జూలై 16 ఒక్కరోజు: 5 (ఆడిట్ ఉంది)
జూలై 23 నుంచి 29: 2, 1, 2, 2, 2, 3, 4
జూలై 30 నుంచి ఆగస్టు 3: 4, 5, 6, 5, 5
ఆగస్టు 4న మొదలు.

ఫోన్లో ఉన్న యాప్ రెండో నెల డేట్ జూలై 30 అని చూపించింది. అందుకని జూలై 23 నుంచి 29 వరకే "ముందు వారం" అని రంగు వేసుకున్నాను. ఆ వారంలో మార్కులు చాలావరకు 2, 1, 2. మొదటి నెల అంత ఎక్కువ, రెండో నెల ఏమీ లేదు! అంటే నాది ఉత్త అనుమానమేనా? రెండోది, నాకు 26 రోజులకీ వస్తుంది, 33 రోజులకీ వస్తుంది. డేటే తెలియనప్పుడు ముందుగా ఏర్పాటు ఎలా చేసుకోవాలి?

లెక్కల_టీచరమ్మ

అనుమానం కాదమ్మా, రంగు తప్పు చోట పడింది. "ముందు వారం" అన్నది యాప్ చెప్పే డేట్ నుంచి లెక్కపెట్టేది కాదు. బ్లీడింగ్ నిజంగా మొదలయ్యాక, ఆ రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. మొదలైన రోజుకి ముందు రోజు మైనస్ 1, దాని ముందుది మైనస్ 2, అలా మైనస్ 7 దాకా. నీ రెండో నెలలో మైనస్ 7 అంటే జూలై 28, మైనస్ 1 అంటే ఆగస్టు 3. ఆ ఏడు రోజుల మార్కులు 3, 4, 4, 5, 6, 5, 5. ఇప్పుడు మొదటి నెల పక్కన పెట్టి చూడు.

దీనితో పోల్చాల్సింది బ్లీడింగ్ మొదలైన 4వ రోజు నుంచి 10వ రోజు వరకు. మొదటి మూడు రోజులు వదిలేయాలి, ఎందుకంటే చాలామందికి ముందు వారం బాధ బ్లీడింగ్ మొదలవగానే ఆగిపోదు, రెండు మూడు రోజులు తోక లాగుతుంది. ఆ తోకని "మంచి వారం"లో కలిపేస్తే తేడా తగ్గిపోయి కనిపిస్తుంది.

షీట్‌లో రెండో వరస జూన్ 3 అనుకుని, A లో తేదీ, B లో మార్కు పెడితే మొదటి నెలకి ఇంతే:

```
=AVERAGE(B24:B30)
=AVERAGE(B5:B11)
```

పైది ముందు వారం, 4.29 వస్తుంది. కిందది మంచి వారం, 1.43. తేడా 2.86. రెండో నెలకి B57:B63, B34:B40 పెట్టు: 4.57, 1.57, తేడా సరిగ్గా 3. యాప్ డేట్ ప్రకారం తీసుకుంటే జూలై 23 నుంచి 29 సగటు 2.29, తేడా ముప్పాతిక కూడా రాదు. మార్కులు అవే, మనిషి అదే, వారం జరిగిపోయిందంతే.

జూలై 16న పడిన 5ని తీసేయకు, పక్కన "ఆడిట్" అని రాసి అలాగే ఉంచు. కారణం ఉన్న ఒక్కరోజు కంగారుకీ, కారణం లేకుండా వరసగా ఆరేడు రోజులు ఉండే దానికీ తేడా డాక్టర్‌కి కనపడాలి.

సుభద్ర_రాజమండ్రి

ఇదంతా హార్మోన్లు తక్కువవడం వల్లేనమ్మా. ఆ వారంలో ప్రొజెస్టరాన్ పడిపోతుంది, అందుకే గాభరా. ముందు హార్మోన్ టెస్టులన్నీ చేయించుకో. తక్కువుంటే ప్రొజెస్టరాన్ మాత్రలిస్తారు, సరిపోతుంది. చార్టులవీ దేనికి?

పద్మజ_సిస్టర్ (సైకియాట్రీ ఓపీ నర్సు)

సుభద్ర గారూ, సగం నిజమే చెప్పారు. ఆ రోజుల్లో ప్రొజెస్టరాన్ ముందు పెరిగి తర్వాత పడిపోతుంది, బాధకి దానితో సంబంధమూ ఉంది. కానీ ఆ పెరగడం తరగడం ఆడవాళ్ళందరిలో ఒకేలా ఉంటుంది. బాధపడేవాళ్ళ రక్తంలో హార్మోన్లు తక్కువ ఉండవు, రిపోర్టు నార్మల్ అని వస్తుంది. నార్మల్ అని రాగానే "అంతా నీ మనసులోనే ఉంది" అని ఇంట్లోవాళ్ళు తేల్చేస్తారు. నాకు బాధ కలిగేది అక్కడే.

తేడా మెదడు స్పందించే తీరులో ఉంది. ప్రొజెస్టరాన్ శరీరంలో అల్లోప్రెగ్ననలోన్ అనే పదార్థంగా మారుతుంది. మామూలుగా అది మెదడుని నెమ్మదింపజేస్తుంది, నిద్రమాత్రలు పట్టుకునే గాబా రిసెప్టర్లనే అదీ పట్టుకుంటుంది. కొందరి మెదడుకి దాని ఎగుడుదిగుళ్ళు పడవు. 1998లో అమెరికాలో ఒక పరిశోధన అచ్చయింది. ఇలా బాధపడే ఆడవాళ్ళకి మందుతో అండాశయాల పని ఆపితే చాలామందికి బాధ తగ్గింది. తర్వాత బయట నుంచి ఈస్ట్రోజన్ గానీ ప్రొజెస్టరాన్ గానీ ఇస్తే వాళ్ళకి బాధ తిరిగొచ్చింది. బాధ లేని ఆడవాళ్ళకి అవే ఇస్తే ఏమీ కాలేదు. అందుకే ప్రొజెస్టరాన్ "నింపడం" ఇక్కడ మందు కాదు, కొందరికి దానితో ఇంకా ఎక్కువవుతుంది.

చేయించుకోవాల్సిన టెస్టులు వేరే ఉన్నాయి. టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్, ఫెరిటిన్. థైరాయిడ్ ఎక్కువ పనిచేసినా, రక్తం తక్కువున్నా గుండె దడ వస్తుంది, అది నెలంతా ఉంటుంది. బ్లీడింగ్ ఎక్కువయ్యేవాళ్ళు ఫెరిటిన్ తప్పకుండా చూపించుకోవాలి.

వెన్నెల గారూ, చార్ట్ చక్కగా రాశారు. ఒక్కటి తక్కువైంది. ఆందోళన ఒక్కటే కాకుండా చిరాకు, దిగులు, నిద్ర, "ఈరోజు పనికీ మనుషులకీ ఎంత అడ్డం వచ్చింది" అనే నాలుగూ రాయండి. పీఎండీడీ, అంటే డేట్ ముందు మనసు తీవ్రంగా పాడయ్యే జబ్బు, అని డాక్టర్ తేల్చాలంటే మొత్తం ఐదు లక్షణాలుండాలి, పని చెడాలి, కనీసం రెండు నెలలు రోజువారీ రాత ఉండాలి. ఆందోళన ఒక్కటే ఎంత ఎక్కువున్నా ఆ పేరు పెట్టరు. పేరు పెట్టకపోయినా వైద్యం ఉంది, అది వేరే సంగతి.

నీలిమ_విజయవాడ

నాదీ అచ్చం ఇదే! నేనూ మూడు నెలలుగా రాస్తున్నాను. ముందు వారం సగటు 5 వస్తోంది. మంచి వారం 4. నాకూ పీఎండీడీయే అన్నమాట.

పద్మజ_సిస్టర్

నీలిమ గారూ, మీది అచ్చం ఇదే కాదు. మీకు మంచి వారం లేదు, చూశారా? 4 అంటే బాగానే ఇబ్బంది. నెలంతా ఆందోళన ఉండి డేట్ ముందు ఇంకాస్త పెరుగుతోంది. వెన్నెల గారికి మంచి వారంలో 3 దాటిన రోజు ఒక్కటీ లేదు, ముందు వారంలో 4, అంతకన్నా ఎక్కువున్న రోజులు రెండు నెలల్లోనూ ఆరేసి ఉన్నాయి. మేము మొదట చూసేది ఈ రెండే. సగటు తర్వాత.

ఈ తేడా ఎందుకంటే వైద్యం మారుతుంది. నెలంతా ఉన్న ఆందోళనకి నెలంతా వైద్యం కావాలి. చివరి రెండు వారాలు మాత్రమే మందు వాడే పద్ధతి మీకు సరిపోదు. మీరు చార్ట్ తీసుకుని నేరుగా సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్ళండి. "డేట్ ముందు ఎక్కువ" అని మాత్రమే చెప్పకండి, "మిగతా రోజుల్లోనూ 4" అని మొదటి మాటగా చెప్పండి.

నీలిమ_విజయవాడ

ఇన్నాళ్ళూ డేట్ అయిపోయాక ఉన్న 4నే నేను "బాగున్నాను" అనుకుంటున్నాను. వెళ్తాను అక్కా.

కిరణ్_బాపట్ల

మా ఇంట్లో కూడా డేట్ టైమ్‌లో ఇబ్బందే అండీ. మెఫెనమిక్ యాసిడ్ మాత్ర భోజనం చేశాక వేసుకుంటే బాగా పనిచేస్తోంది. వేడినీళ్ళ బ్యాగు కూడా. వెన్నెల గారు ట్రై చేయండి.

లెక్కల_టీచరమ్మ

కిరణ్ బాబూ, అది కడుపునొప్పికి. ఇక్కడ అడుగుతున్నది నొప్పి గురించి కాదు, డేట్ రాకముందు వారం రోజుల గాభరా గురించి.

కిరణ్_బాపట్ల

సారీ అండీ, తొందరపడి చదివాను. ఇప్పుడు మొత్తం చదివాను. నిజం చెప్పాలంటే మా ఆవిడకి ఇదీ ఉంది. ఆ వారంలో చిన్నమాటకే గొడవ అవుతుంది. నేను క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుని ఆ రోజుల్లో "నీకు డేట్ దగ్గర పడింది కదా, అందుకే" అని గుర్తు చేస్తే మంచిదేనా?

పద్మజ_సిస్టర్

గుర్తు పెట్టుకోండి, ఆ మాట మాత్రం గొడవ మధ్యలో అనకండి. ఆవిడ చెప్పే విషయం నిజమైనదే అయ్యుండవచ్చు. ఫీజు కట్టలేదనో, మీ అమ్మగారి మాట నొచ్చిందనో. డేట్ వల్ల గొంతు పెరిగిందేమో గానీ విషయం డేట్ వల్ల పుట్టలేదు. "అందుకే" అనగానే ఆ విషయం కొట్టివేసినట్టవుతుంది, అప్పుడు గొంతు ఇంకా పెరుగుతుంది.

మంచి వారంలో, అంటే ఆవిడకి 5వ రోజో 8వ రోజో, ఇద్దరూ కూర్చుని ఒక మాట అనుకోండి. "రాసి పెడదాం" అనే మాట చాలు. ఆ వారంలో ఎవరన్నా ఆ మాట అంటే వాదన అక్కడితో ఆపి, విషయాన్ని ఫ్రిజ్ మీద చీటీలో రాసి, మళ్ళీ బ్లీడింగ్ 4వ రోజు తీయాలి. తప్పకుండా తీయాలి. తీయకపోతే రెండో నెల ఆ మాటకి విలువ ఉండదు. మీ వంతు పని కూడా ముందే ఖాయం చేసుకోండి. ఆ వారం రోజులు పిల్లల హోమ్‌వర్క్, రాత్రి తలుపులు, గ్యాస్ చూడటం మీది, ఆవిడ అడగకుండానే.

వెన్నెల_ఖమ్మం

టీచర్ గారూ, పద్మజ అక్కా, చాలా థ్యాంక్స్. రంగు మార్చగానే రెండు నెలలూ ఒకేలా కనిపించాయి. ఇక రెండో ప్రశ్న. బ్లీడింగ్ వచ్చాక వెనక్కి లెక్కపెట్టడం బాగానే ఉంది, రాకముందు ఏర్పాటు చేసుకోవడం ఎలా?

లెక్కల_టీచరమ్మ

ముందు ఒక సంగతి తెలుసుకో. నీ నెల 26 అయినా 33 అయినా, సాగేది చాలావరకు మొదటి సగమే. అండం విడుదలైన తర్వాత డేట్ రావడానికి పట్టే సమయం పెద్దగా మారదు, సాధారణంగా 12 నుంచి 14 రోజులు. ఒత్తిడి, జ్వరం, ప్రయాణం లాంటివి అండం విడుదలనే ఆలస్యం చేస్తాయి. జూలైలో నీకు జరిగింది బహుశా ఇదే. యాప్‌కి ఆ ఆలస్యం తెలియదు, 28 కూడి చెప్పేసింది.

కాబట్టి డేట్‌ని ఊహించకు, అండం విడుదలని పట్టుకో. మందుల షాపులో మూత్రంతో చూసే ఓవులేషన్ స్ట్రిప్‌లు దొరుకుతాయి. నీకు అతి తక్కువ నెల 26 రోజులు కదా, అందులోంచి 17 తీసేయి, 9 వచ్చింది. బ్లీడింగ్ మొదలైన 9వ రోజు నుంచి రోజుకొకటి, దాదాపు ఒకే వేళకి చూడు. చూసేముందు రెండు గంటలు చెంబుల కొద్దీ నీళ్ళు తాగకు, గీత పలచబడుతుంది. కంట్రోల్ గీత ఎంత ముదురుగా ఉందో టెస్ట్ గీత అంత, లేదా ఇంకా ముదురుగా ఉంటేనే పాజిటివ్. లేత గీత కనిపించినా అది నెగటివే. ప్రెగ్నెన్సీ స్ట్రిప్‌లో లేత గీత కూడా లెక్కే కాబట్టి చాలామంది ఇక్కడ పొరపాటు పడతారు.

పాజిటివ్ వచ్చిన రోజుకి 7 కలిపితే కంగారు రోజులు మొదలయ్యే వేళ సుమారుగా తెలుస్తుంది, 14 కలిపితే డేట్. ఒకటి రెండు రోజులు అటూ ఇటూ. జూలైలో స్ట్రిప్ వాడి ఉంటే 20, 21 తేదీల్లో పాజిటివ్ వచ్చి ఉండేదని నా లెక్క. 21కి 7 కలుపు: జూలై 28. నీ మార్కు 3కి ఎక్కిన రోజు అదే కదా!

అనూష_ఫ్రిస్కో

ఒక చిన్న హెచ్చరిక. పీసీఓఎస్ ఉన్నవాళ్ళకి స్ట్రిప్‌లు మోసం చేయగలవు. వాళ్ళలో స్ట్రిప్ పట్టుకునే ఎల్‌హెచ్ హార్మోన్ మామూలుగానే ఎక్కువ ఉండవచ్చు, అండం విడుదల కాకుండానే పాజిటివ్ వస్తుంది, అదీ నెలలో రెండు మూడు సార్లు. వాళ్ళు పొద్దున్నే మంచం దిగకముందు టెంపరేచర్ చూసుకోవడం మేలు. అండం విడుదలయ్యాక 0.3 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ పెరిగి డేట్ దాకా అలాగే ఉంటుంది. మూడు రోజులు వరసగా పైన ఉంటే విడుదల అయిపోయినట్టు. రెండు దశాంశాలు చూపించే థర్మామీటర్ కావాలి, మామూలు జ్వరం చూసేది సరిపోదు.

ఇంకోటి. ఇక్కడ టెక్సస్‌లో నా డాక్టర్ ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందుని నెల చివరి రెండు వారాలే వాడమని రాశారు, బ్లీడింగ్ మొదలవగానే ఆపేస్తాను. అక్కడ డాక్టర్లు ఇలా ఇస్తారా?

పద్మజ_సిస్టర్

ఇస్తారండీ. చార్ట్ చూపించి అడిగితే ఇంకా సులువు. మామూలు డిప్రెషన్‌లో ఈ మందులు పనిచేయడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. డేట్ ముందు బాధలో కొద్ది రోజుల్లోనే పనిచేస్తాయి, అందుకే చివరి రెండు వారాల పద్ధతి కుదురుతుంది. కొందరికి రోజూ వాడటమే నయం. ముఖ్యంగా నెల ఎప్పుడు ఎన్ని రోజులో తెలియనివాళ్ళకీ, వేసుకోవడం మరిచిపోయేవాళ్ళకీ. మొదటి వారంలో వికారం, తలనొప్పి ఉండవచ్చు. ఒకప్పుడు నిద్ర లేకుండా అతి హుషారుగా, చేతికొచ్చినట్టు ఖర్చు పెట్టిన రోజులు ఉంటే, లేదా ఇంట్లో ఎవరికైనా బైపోలార్ ఉంటే డాక్టర్‌కి ముందే చెప్పాలి. అలాంటివాళ్ళకి ఈ మందు ఒక్కటే ఇస్తే ఎదురు తిరగవచ్చు. వదినదో చెల్లెలిదో మాత్రల స్ట్రిప్ మిగిలింది కదా అని మీరు వేసుకోకండి.

ఆ వారంలో చనిపోవాలన్న ఆలోచన వచ్చేవాళ్ళు చార్ట్ పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు. రెండు నెలల లెక్క వాళ్ళకి కాదు. వెంటనే 14416కి ఫోన్ చేయండి, అది టెలి మానస్, తెలుగులో మాట్లాడతారు, పగలూ రాత్రీ ఉంటుంది.

రాజేష్_మెడికల్స్

షాపులో రోజూ చూసే మూడు విషయాలు చెబుతాను.

మొదటిది ఆల్ప్రజొలామ్. "అర మాత్ర ఇవ్వన్నా, ఈ వారం గడిచిపోతుంది" అని అడుగుతారు. అది షెడ్యూల్ హెచ్1 మందు, చీటీ లేకుండా ఇవ్వకూడదు. చట్టం సంగతి అలా ఉంచి, మందు దిగిపోయే వేళకి గాభరా రెట్టింపై వస్తుంది. నెలకి వారం అనుకున్నది పది రోజులవుతుంది, తర్వాత రోజూ అవుతుంది.

రెండోది, శ్రావణమాసం వస్తే డేట్ వాయిదా మాత్రలు. వరలక్ష్మీ వ్రతం అనో, గృహప్రవేశం అనో నోరెథిస్టెరోన్ తీసుకెళ్తారు. అది ప్రొజెస్టరాన్ జాతి మందే. పైన సిస్టర్ గారు చెప్పినట్టు కొందరికి దానితో మనసు ఇంకా పాడవుతుంది, పైగా కంగారు వారం కాస్తా రెండు వారాలకి సాగుతుంది. వేసుకుంటే చార్ట్‌లో "వాయిదా మాత్ర, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ" అని రాసి, ఆ నెలని లెక్కలోంచి పూర్తిగా తీసేయండి. మాత్ర ఆపాక వచ్చే బ్లీడింగ్ మందు మానినందుకు వచ్చేది, దాని నుంచి వెనక్కి లెక్కపెడితే అర్థం ఉండదు. గతంలో కాళ్ళల్లో రక్తం గడ్డకట్టినవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా వేసుకోనే వద్దు.

మూడోది, క్యాల్షియం, బీ6. క్యాల్షియం రోజుకి 1,200 మిల్లీగ్రాములతో డేట్ ముందు బాధ తగ్గినట్టు 1998లోనే ఒక పెద్ద పరీక్షలో తేలింది, కాకపోతే రెండు మూడు నెలలు వాడాలి. పాలు, పెరుగు, రాగులు తినేవాళ్ళకి అందులో కొంత తిండిలోనే వస్తుంది, మిగతాది 500 మాత్రగా భోజనంతో. ఒకేసారి మొత్తం మింగితే ఒంటికి పట్టదు. థైరాయిడ్ మాత్రకీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళు అడిగి వాడాలి. బీ6 మాత్రం నెలల తరబడి పెద్ద డోసు వాడితే పాదాలు తిమ్మిరెక్కుతాయి. "విటమినే కదా" అని రోజుకి రెండు 100లు వేసుకునేవాళ్ళుంటారు, అది ఆపాలి.

సుభద్ర_రాజమండ్రి

ప్రొజెస్టరాన్ గురించి నేననుకున్నది వేరు, తెలిసింది. పద్మజా, ఒకటి అడుగుతాను. మా చెల్లెలికి 34 ఏళ్ళకే గర్భసంచి తీసేశారు. అండాశయాలు ఉంచారట. ఇప్పటికీ నెలకోసారి ఇలాగే వారం రోజులు గాభరా పడుతుంది. "గర్భసంచే లేదు, ఇంకా డేట్ ఏంటి" అని మా వాళ్ళు కొట్టిపారేస్తారు. దానికి బ్లీడింగే లేదు కదా, వెనక్కి లెక్కపెట్టేది దేని నుంచి?

పద్మజ_సిస్టర్

మీ చెల్లెలు చెప్పేది జరిగేదే అండీ. అండాశయాలు ఉన్నంతకాలం హార్మోన్లు నెలనెలా పెరిగి తగ్గుతూనే ఉంటాయి, బ్లీడింగ్ ఒక్కటే ఉండదు. మన రెండు రాష్ట్రాల్లో గర్భసంచి తీసేయడం దేశంలోనే ఎక్కువ, అదీ చిన్న వయసులో, కాబట్టి ఇలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు. డాక్టర్లకి కూడా వెంటనే తట్టదు.

తేదీతో పాటు మార్కు మాత్రం మూడు నెలలు రాయమనండి. 26 నుంచి 32 రోజులకోసారి గుట్టలా పైకి లేచి, మధ్యలో 1, 2కి దిగుతుంటే ఆ తిరుగుడు ఉన్నట్టే. రొమ్ములు బరువెక్కడం, పొట్ట ఉబ్బరం ఏ రోజుల్లో ఉందో పక్కన టిక్ పెట్టాలి. అనూష గారు చెప్పిన టెంపరేచర్ పద్ధతి ఇక్కడా పనికొస్తుంది. అయితే గర్భసంచి తీసేసినవాళ్ళలో కొందరికి అండాశయాల పని తొందరగా తగ్గిపోతుంది. అప్పుడు ఈ గాభరా మెనోపాజ్ ముందు దశదీ కావచ్చు. రెండూ కలిసి ఉంటే చార్ట్‌లో విడదీయడం నాకూ కష్టమే. గైనకాలజిస్ట్‌కి చూపించాల్సిందే.

వెన్నెల_ఖమ్మం

ఇవన్నీ చూసి రాబోయే నెలకి ప్లాన్ రాసుకున్నాను. తప్పులుంటే దిద్దండి.

ఆగస్టు 12 నుంచి, అంటే 9వ రోజు నుంచి, స్ట్రిప్‌లు. పాజిటివ్ వచ్చాక ఏడో రోజు నుంచి బ్లీడింగ్ రెండో రోజు వరకు: కాఫీ పూర్తిగా బంద్. ఊరి ప్రయాణాలు, ఫంక్షన్లు, స్నేహితుల్ని కలవడం అన్నీ రద్దు. శుక్రవారం ఉపవాసం మామూలే. రాత్రి తొమ్మిదికే పడుకోవడం. తలుపు గడియ మా ఆయన చూస్తారు.

పద్మజ_సిస్టర్

ఐదు మారుద్దాం.

కాఫీ ఆ వారం మొదలయ్యాక ఒక్కసారిగా మానేస్తే రెండో రోజుకి తలనొప్పి, చిరాకు పట్టుకుంటాయి, అవీ మీ చార్ట్‌లోకి ఎక్కుతాయి. తగ్గించేది మంచి వారంలోనే. రోజుకి మూడు గ్లాసులు తాగుతుంటే ముందు సాయంత్రానిది, నాలుగు రోజులాగి మధ్యాహ్నానిది. పొద్దున ఒక్కటి ఉంచుకోండి, పర్వాలేదు.

ఉపవాసం ఆ వారంలో పడితే పండ్లు, పాలు, నానబెట్టిన పెసరపప్పు, మీ ఆచారానికి ఏది కుదిరితే అది, మూడు గంటలకోసారి. ఖాళీ కడుపుతో చేతులు వణికి గుండె దడదడలాడితే మెదడు దాన్ని భయం అనే చదువుకుంటుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది, అన్నీ రద్దు చేయకండి. రద్దు చేసిన ప్రతిసారీ ఆ క్షణానికి హాయిగా ఉంటుంది, వచ్చే నెల అదే పని ఇంకా పెద్ద కొండలా కనిపిస్తుంది. కొత్తగా పెట్టుకునేవి మాత్రం వేరే వారానికి జరపండి: పళ్ళ డాక్టర్, లోన్ ఫైలు మీద పెద్ద సంతకం, ఆడపడుచుతో తేల్చుకోవాల్సిన మాట. అలవాటైన పనులు సగం చేసి ఉంచండి. ఫంక్షన్‌కి వెళ్ళి గంటలో వచ్చేయడం రద్దు కన్నా మేలు. ఉద్యోగం మానేయాలి, ఇల్లు మారాలి లాంటి నిర్ణయం ఆ వారంలో వస్తే తేదీ వేసి రాసి పెట్టి, 4వ రోజు చదవండి. అప్పటికీ అదే అనిపిస్తే అది మీ నిర్ణయమే.

తలుపు గడియ ఆయన చూడటం కిరణ్ గారింట్లో సరే. మీకు మళ్ళీమళ్ళీ చూసుకోవడమే జబ్బులో భాగం కాబట్టి, మీరే ఒక్కసారి వేయండి, "వేశాను, తొమ్మిదిన్నర" అని పైకి అనండి, తిరిగి వెళ్ళకండి. మొదటి పావుగంట లాగుతుంది, తర్వాత దానంతట అదే దిగుతుంది. ఎన్నిసార్లు తిరిగి వెళ్ళారో కూడా చార్ట్‌లో అంకె వేయండి, నాలుగు నుంచి రెండుకి వస్తే తెలియాలి.

నిద్ర గురించి, తొమ్మిదికి పడుకుని పదకొండు దాకా దొర్లితే ఆ రెండు గంటలూ ఆలోచనలకే. మామూలు వేళకే పడుకుని, లేచే వేళ మాత్రం మార్చకండి.

లెక్కల_టీచరమ్మ

ఇంకో చిన్న మాట. ఆగస్టు 12న 9వ రోజన్నావు, సరిగ్గానే ఉంది. మార్కు మాత్రం ఆ రాత్రే వేయాలి. మూడు రోజులవి ఒకేసారి వేస్తే ఆ పూట మనసెలా ఉందో మూడింటికీ అదే పడుతుంది. మరిచిపోయిన రోజు ఖాళీగా వదిలేయి, ఊహించి నింపకు. ఖాళీ గడిని AVERAGE లెక్కలోకి తీసుకోదు, సున్నా పెడితే మాత్రం తీసుకుంటుంది.

వెన్నెల_ఖమ్మం

సరే టీచర్ గారూ. ఒక్కటి తేలలేదు. మా మేనేజర్‌కి చెప్పాలా వద్దా? సెప్టెంబర్ చివర హాఫ్ ఇయర్లీ క్లోజింగ్ ఉంది, లెక్క ప్రకారం ఆ వారమే పడేలా ఉంది.

అనూష_ఫ్రిస్కో

నేనైతే చెబుతాను. చెప్పకపోతే ఆ రోజు చేసిన తప్పుకి అసలు కారణం ఎవరికీ తెలియదు.

రాజేష్_మెడికల్స్

చిన్న బ్రాంచ్ అయితే చెప్పకపోవడమే నయం అక్కా. మాట పదిమందికి పాకుతుంది. కారణం చెప్పకుండా "క్లోజింగ్ లెక్కలు ఇంకొకరితో కూడా సరిచూయిద్దాం" అని అడగవచ్చు, అది ఎవరైనా ఒప్పుకునేదే.

పద్మజ_సిస్టర్

ఇద్దరి మాటల్లోనూ న్యాయం ఉంది, మీ మేనేజర్ ఎలాంటి మనిషో మీకే తెలుసు. ఆగస్టులో స్ట్రిప్ పాజిటివ్ ఏ రోజు వచ్చిందో ఇక్కడ పెట్టండి. అప్పటికి సెప్టెంబర్ లెక్క కాస్త ఖాయంగా చెప్పవచ్చు.

వెన్నెల_ఖమ్మం

ఆగస్టు 19. పొద్దున లేత గీత ఉండింది, సాయంత్రం ఆరింటికి చూస్తే ముదురు. 26 నుంచి జాగ్రత్త, సెప్టెంబర్ 2 దగ్గర డేట్ అని గోడ క్యాలెండర్‌లో పెన్సిల్‌తో రాశాను. క్లోజింగ్‌కి వచ్చే నెల స్ట్రిప్ చూశాక మళ్ళీ వస్తాను.